క్లయింట్ నుంచి రావలసిన పత్రాలను నంబర్ల చెక్‌లిస్ట్‌తో అడగడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడాది లెక్కలు ముగించే సమయంలో క్లయింట్ పంపిన మొదటి కట్టలో అన్నీ ఉండటం చాలా అరుదు. మిగిలినవాటిని ఎలా అడగాలన్నదే ఈ ప్రశ్నలూ జవాబులూ. చిన్న వ్యాపారాల లెక్కలు రాసే అకౌంటెంట్లను, వారి దగ్గర పనిచేసే అసిస్టెంట్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ తీసుకున్నాను: చెక్క ఫర్నిచర్ తయారుచేసి అమ్మే ఒక చిన్న సంస్థ, రెండు బ్యాంకు ఖాతాలు, జనవరి నుంచి డిసెంబర్ వరకు లెక్కల సంవత్సరం.

మెయిల్లో ఒక పేరాగా అడిగితే సరిపోదా? నంబర్లు ఎందుకు?

"అక్టోబర్ స్టేట్‌మెంట్, లోన్ కాగితాలు, ఆ మెషిన్ బిల్లు, ఇంకా ఇన్సూరెన్స్‌ది కూడా పంపండి" అని పేరాలో రాస్తే క్లయింట్ కంటికి మొదటిదీ చివరిదీ కనిపిస్తాయి. ఆ రెండూ పంపి పని అయిపోయిందనుకుంటారు. అది వారి నిర్లక్ష్యం కూడా కాదు. పేరాలో ఎన్ని అడిగారో లెక్కపెట్టుకునే వీలు ఉండదు.

నంబర్లు ఉంటే జవాబు కూడా నంబర్లలోనే వస్తుంది. "1, 3, 5 పంపాను, 4 లేదు" అని ఒక్క ముక్క రాస్తే చాలు. క్లయింట్‌కు టైప్ చేసే పని తగ్గుతుంది. మనకు ఇంకో లాభం ఉంది: వారు ఏ నంబర్ల గురించి ఏమీ చెప్పలేదో వెంటనే తెలుస్తుంది. 2 గురించి మాట లేదంటే అది మరిచిపోయినదే. పేరాలో అడిగినప్పుడు ఈ మౌనం ఎవరికీ కనిపించదు.

లిస్ట్ రాసే ముందు ఏం చూసుకోవాలి?

ముందు మన దగ్గరే వెతకాలి. పాత మెయిళ్లు, వాట్సాప్, డ్రైవ్ ఫోల్డర్, టేబుల్ మీద ఉన్న ఫైలు, అన్నీ. పంపేసిన కాగితాన్ని మళ్లీ అడిగితే క్లయింట్ మిగతా లిస్ట్‌ను కూడా నమ్మరు. "వీళ్లు సరిగా చూడట్లేదు" అనే అభిప్రాయం ఒకసారి ఏర్పడితే తర్వాతి రిమైండర్లకు జవాబే రాదు.

ఆ తర్వాత వచ్చిన కాగితాలనే ఒకదానితో ఒకటి పోల్చాలి. ఏం లేదో అవే చెబుతాయి. రెడీమేడ్ లిస్ట్ తీసి అందరికీ ఒకటే పంపడం నాకు నచ్చని పద్ధతి. అందులో సగం ఆ క్లయింట్‌కు సంబంధించనివే ఉంటాయి, నిజంగా కావలసింది ఒకటో రెండో ఉండవు.

మన ఫర్నిచర్ సంస్థనే చూద్దాం. 4417తో ముగిసే కరెంట్ ఖాతాలో సెప్టెంబర్ స్టేట్‌మెంట్ క్లోజింగ్ బ్యాలెన్స్ 82,340. ఫైల్లో దాని తర్వాత ఉన్న స్టేట్‌మెంట్ 57,915 ఓపెనింగ్ బ్యాలెన్స్‌తో మొదలైంది. ఒకదాని క్లోజింగ్, తర్వాతిదాని ఓపెనింగ్ ఒకటే కావాలి. కాలేదంటే మధ్యలో ఏదో లేదు. తేదీలు చూస్తే అక్టోబర్ మొత్తం లేదు.

అదే ఖాతాలో మార్చి నుంచి నెలనెలా ఒకే మొత్తం ఒక ఫైనాన్స్ సంస్థకు వెళ్తోంది. పోయిన ఏడాది లెక్కల్లో అప్పే లేదు. అంటే కొత్త లోన్ తీసుకున్నారు, దాని కాగితం ఒక్కటీ మన దగ్గరకు రాలేదు. జూన్ 14న ఒక మెషిన్ అమ్మే సంస్థకు 1,20,000 వెళ్లింది, బిల్లు లేదు. అమ్మకం బిల్లులు 301 నుంచి 388 వరకు వరుసగా ఉన్నాయి, 347 మాత్రం కనిపించలేదు. ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టారు కానీ పాలసీ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో తెలియదు. 0926తో ముగిసే రెండో ఖాతా స్టేట్‌మెంట్ డిసెంబర్ 28తోనే ఆగిపోయింది. ఏడాది చివరి స్టాక్ లిస్ట్ రాలేదు.

ఇలా చూస్తే లిస్ట్ దానంతట అదే తయారవుతుంది.

ఒక్కో అంశాన్ని ఎలా రాయాలి?

ఒక నంబర్‌కు ఒకే పత్రం. దేన్ని, ఏ కాలానికి, ఏ రూపంలో అడుగుతున్నామో ఆ ఒక్క వరుసలోనే ఉండాలి. క్లయింట్ పక్కన కాగితం పెట్టుకుని "ఇదేనా, కాదా" అని తేల్చుకోగలగాలి. ఎందుకు అడుగుతున్నామో అర్థం కాదనిపించిన చోట చిన్న కారణం కూడా రాయాలి.

ఫర్నిచర్ సంస్థకు వెళ్లిన లిస్ట్ ఇది:

1. 4417 ఖాతా, అక్టోబర్ 1 నుంచి 31 వరకు స్టేట్‌మెంట్. బ్యాంకు నుంచి దింపిన పీడీఎఫ్, అన్ని పేజీలు.
2. మార్చిలో మొదలైన లోన్ ఒప్పందం కాపీ.
3. అదే లోన్ స్టేట్‌మెంట్, మొదటి రోజు నుంచి డిసెంబర్ 31 వరకు. కట్టిన వాయిదాల్లో అసలు ఎంత, వడ్డీ ఎంత అన్నది ఇందులోనే తెలుస్తుంది.
4. అమ్మకం బిల్లు నంబర్ 347 కాపీ. రద్దు చేసి ఉంటే ఆ మాట రాయండి చాలు.
5. జూన్ 14న 1,20,000 చెల్లించిన మెషిన్ కొనుగోలు బిల్లు.
6. డిసెంబర్ 31 నాటి స్టాక్ లిస్ట్. ప్రతి వస్తువుకూ సంఖ్య, కొన్న ధర లేదా తయారీ ఖర్చు.
7. ఈ ఏడాది ప్రీమియం కట్టిన ఇన్సూరెన్స్ పాలసీలో మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉన్న పేజీ.
8. 0926 ఖాతా, డిసెంబర్ 29 నుంచి 31 వరకు స్టేట్‌మెంట్. ఆ మూడు రోజుల్లో లావాదేవీలు లేకపోయినా కావాలి.

4లో "రద్దు చేసి ఉంటే" అన్న మాట గమనించండి. కాగితం లేకపోవడానికి సహజమైన కారణం ఏదైనా ఉండొచ్చనిపిస్తే ఆ జవాబును ముందే అందించాలి. లేకపోతే క్లయింట్ లేని బిల్లు కోసం రెండు రోజులు వెతుకుతారు, ఆ రెండు రోజులూ మిగతా ఏడూ ఆగిపోతాయి.

3 పక్కన రాసిన కారణం కూడా అలాంటిదే. వాయిదా మొత్తాన్ని బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూస్తున్నారుగా, మళ్లీ ఇంకో కాగితం ఎందుకని చాలామంది అనుకుంటారు. వాయిదాలో వడ్డీ భాగమే ఖర్చు, అసలు భాగం అప్పును తగ్గిస్తుంది. ఆ విభజన బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉండదు. ఒక్క వాక్యం రాస్తే ఫోన్ చేసి అడిగే అవసరం ఉండదు.

2నీ 3నీ కలిపి "లోన్ కాగితాలు" అని ఒకే నంబర్ ఇవ్వకూడదా?

వద్దు. ఒప్పందం వచ్చి స్టేట్‌మెంట్ రాకపోతే ఆ నంబర్‌ను ఏమని గుర్తిస్తారు? వచ్చిందనీ రాయలేరు, రాలేదనీ రాయలేరు. క్లయింట్ మాత్రం "2 పంపాను" అని నిశ్చింతగా ఉంటారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు, కాగితం మాత్రం రాదు. ఒకే నంబర్ కింద రెండు పత్రాలు పెట్టిన చోటే ఎక్కువగా ఏదో ఒకటి జారిపోతుంది.

నంబర్లు ఏ వరుసలో ఉండాలి?

కాగితం ఎక్కడ దొరుకుతుందో ఆ వరుసలో పెడితే క్లయింట్‌కు తేలిక. బ్యాంకు సైట్ ఒకసారి తెరిస్తే 1, 8 రెండూ వస్తాయి, కాబట్టి అవి పక్కపక్కన ఉంటే ఇంకా మంచిది. పై లిస్ట్ కాగితాలు చూసిన వరుసలో తయారైంది. అది కూడా తప్పు కాదు గానీ, పంపే ముందు ఒకసారి సర్దితే బాగుంటుంది. ఒకసారి పంపాక మాత్రం వరుసను కదపకూడదు.

బయటివాళ్ల నుంచి రావలసినవి, అంటే ఫైనాన్స్ సంస్థ, ఇన్సూరెన్స్ ఏజెంట్ ఇవ్వాల్సినవి, టైమ్ తీసుకుంటాయి. వాటి గురించి లిస్ట్ పైన ఒక మాట రాయండి: "3, 7 బయటి నుంచి రావాలి కాబట్టి ముందు వాటిని అడగండి."

వచ్చినవి తీసేసి, మిగిలినవాటికి 1 నుంచి కొత్త నంబర్లు ఇవ్వవచ్చా?

ఇవ్వకూడదు. ఈ పద్ధతిలో నేను అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టేది ఇదే.

మొదటి లిస్ట్‌లో 5 అంటే మెషిన్ బిల్లు. వచ్చినవి తీసేసి మళ్లీ నంబర్లు వేస్తే 5 అంటే ఇంకేదో అవుతుంది. క్లయింట్ పాత మెయిల్ తెరిచి "5 పంపాను" అని రాస్తారు. మనం కొత్త లిస్ట్ చూసి వేరే పత్రాన్ని కొట్టేస్తాం. ఈ పొరపాటు ఆ రోజు బయటపడదు. లెక్కలు ముగించే చివరి రోజున బయటపడుతుంది.

అందుకే నంబర్ ఒకసారి ఇస్తే పని పూర్తయ్యేదాకా అది ఆ పత్రానిదే. వచ్చినవి లిస్ట్‌లోనే ఉంటాయి, పక్కన "అందింది" అని ఉంటుంది. కొత్తగా ఏదైనా అడగాల్సి వస్తే చివరి నంబర్ తర్వాతి నంబర్ ఇవ్వాలి. ఒక అంశాన్ని విడగొట్టాల్సి వస్తే 6ఎ, 6బి అనాలి. అవసరం లేదని తేలితే ఆ నంబర్‌ను ఖాళీగా వదిలేయాలి, ఇంకోదానికి వాడకూడదు.

క్లయింట్ "పంపాను" అన్నారు. కొట్టేయవచ్చా?

ఫైలు తెరిచి చూశాకే కొట్టేయాలి. లిస్ట్‌లో రెండు తేదీలు రాసుకోవడం మంచి అలవాటు: అందిన తేదీ, సరిచూసిన తేదీ. రెండోది ఖాళీగా ఉన్నంతకాలం ఆ నంబర్ ముగిసినట్టు కాదు.

ఉదాహరణలో క్లయింట్ రాసిన జవాబు ఇది: "నమస్కారం అండి. 1, 3, 5, 6 అటాచ్ చేశాను. 4 కేన్సిల్ చేసిన బిల్లు. 7 ఏజెంట్‌ని అడిగాను."

మొదట, 2, 8 గురించి మాట లేదు. ఆ సంగతి ఫైళ్లు తెరవకముందే తెలిసిపోయింది.

ఇక ఫైళ్లు. 1లో మూడు పేజీలున్నాయి, ప్రతి పేజీ అడుగున "4లో 1", "4లో 2" అని ఉంది. నాలుగో పేజీ లేదు. పేజీ నంబర్లు లేని స్టేట్‌మెంట్ అయినా పట్టుకోవచ్చు: నవంబర్ ఓపెనింగ్ 57,915 అని మనకు తెలుసు, మూడో పేజీ చివర బ్యాలెన్స్ 60,480 దగ్గర ఆగింది. తేడా 2,565. ఆ లావాదేవీలు రాని పేజీలో ఉన్నాయి.

5లో వచ్చింది మెషిన్ కొటేషన్. మొత్తం సరిపోయింది, సంస్థ పేరు సరిపోయింది, తేదీ మాత్రం మే నెలది, పైన కొటేషన్ అని ఉంది. ధర చెప్పిన కాగితం కొన్నదానికి రుజువు కాదు. తొందరలో మొత్తం ఒక్కటే చూసి కొట్టేసే ప్రమాదం ఇక్కడే ఉంది. 3, 6 సరిగా ఉన్నాయి.

కానీ 3 తెరిచాక ఇంకో విషయం తెలిసింది. లోన్ రెండు విడతలుగా విడుదలైంది. రెండో విడత ఆగస్టులో. అది మన దగ్గరున్న రెండు ఖాతాల్లో ఎక్కడా జమ కాలేదు. అడగాల్సింది ఇంకొకటి తేలింది.

రెండోసారి రాసే మెయిల్ ఎలా ఉండాలి?

అదే మెయిల్ వరుసలో, అవే నంబర్లతో, మిగిలినవి మాత్రమే. వచ్చినవాటికి ముందు ఒక మాట చెప్పాలి. లేకపోతే క్లయింట్‌కు తాము చేసిన పని చేరిందో లేదో తెలియదు.

"నమస్కారం అండి. 3, 6 అందాయి, సరిచూశాం. 4 రద్దయినట్టు రాసుకున్నాం, రద్దు చేసిన ఆ బిల్లును మీ ఫైల్లో అలాగే ఉంచండి. ఇంకా కావలసినవి:

1: నాలుగో పేజీ ఒక్కటే రాలేదు. మిగతా మూడు పేజీలు ఉన్నాయి.
2: లోన్ ఒప్పందం.
5: మీరు పంపింది మే నెల కొటేషన్. డబ్బు చెల్లించాక ఇచ్చిన బిల్లు కావాలి. దొరక్కపోతే అమ్మిన సంస్థను డూప్లికేట్ కాపీ అడగండి.
7: ఏజెంట్ నుంచి రాగానే పంపండి.
8: 0926 ఖాతా, డిసెంబర్ చివరి మూడు రోజులు.
9 (కొత్తది): లోన్ రెండో విడత ఆగస్టులో విడుదలైంది. అది ఏ ఖాతాలో పడింది? మీ ఖాతాలోకి రాకుండా నేరుగా ఎవరికైనా వెళ్లి ఉంటే ఎవరికో రాయండి.

వచ్చే గురువారంలోగా అందితే మొదట అనుకున్న తేదీకే లెక్కలు పూర్తవుతాయి."

9ని కాగితంగా కాకుండా ప్రశ్నగా అడిగాం. మూడో ఖాతా ఉందేమో, ఫైనాన్స్ సంస్థ నేరుగా మెషిన్ అమ్మినవాళ్లకే డబ్బు ఇచ్చిందేమో మనకు తెలియదు. తెలియనప్పుడు ఏదో ఒక కాగితం పేరు రాసి అడిగితే క్లయింట్ అది లేదంటారు, విషయం అక్కడే ఆగిపోతుంది. జవాబు వచ్చాక కావలసిన కాగితానికి 10 ఇవ్వవచ్చు.

లిస్ట్ పెద్దదైతే?

పదిహేను దాటితే చాలామంది మొదలే పెట్టరు. చూసి, తర్వాత చేద్దాంలే అని మూసేస్తారు. అప్పుడు లిస్ట్‌ను కత్తిరించకుండా మొత్తం పంపి, పైన "ఈ వారం 1 నుంచి 6 చాలు" అని రాయండి. అన్నీ ఎదురుగా ఉంటాయి, పని మాత్రం ఆరింటిదే.

క్లయింట్ వైపు ఇద్దరు ముగ్గురు చూస్తుంటే, ఉదాహరణకు లోన్ విషయాలు యజమాని, బిల్లులు ఆఫీసులో పనిచేసేవారు, ఒక్కో అంశం పక్కన ఎవరు ఇవ్వాలో రాయండి. ఇద్దరికీ చెరో లిస్ట్ మాత్రం చేయకండి. ఇద్దరి దగ్గరా వేర్వేరు 3లు ఉంటే పైన చెప్పిన గందరగోళమే మళ్లీ.

ఫైళ్ల పేర్ల సంగతి?

పేరు ముందు నంబర్ పెట్టమని అడగండి: `05-machine-bill.pdf`. ఒకే అంకె ఉన్నవాటికి ముందు సున్నా పెడితే ఫోల్డర్‌లో వరుస చెడదు. అందరూ పెట్టరు, బలవంతం చేయకండి. అందగానే మనమే పేరు మార్చుకుంటే నిమిషం పని.

వాట్సాప్‌లో ఫోటోలు పంపుతామంటే ఒప్పుకోవాలా?

ఒకే పేజీ బిల్లు అయితే, నాలుగు అంచులూ కనిపిస్తూ అక్షరాలు స్పష్టంగా ఉంటే, నాకు అభ్యంతరం లేదు. ఫోటో కింద నంబర్ టైప్ చేయమనండి. బ్యాంకు స్టేట్‌మెంట్లకు, లోన్ ఒప్పందానికి ఫోటోలు వద్దు. పేజీలు కలిసిపోతాయి, రెండు వైపులా ప్రింట్ ఉన్న కాగితంలో వెనక వైపు మరిచిపోతారు. 1, 3, 5 పేజీలు మాత్రమే వస్తే కారణం చాలాసార్లు అదే.

గోప్యత కూడా చూడాలి. లిస్ట్‌లో ఖాతా నంబర్ మొత్తం రాయకండి, చివరి నాలుగు అంకెలు చాలు. పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్ అయితే ఆ పాస్‌వర్డ్‌ను అదే మెయిల్లో పంపొద్దని, ఫోన్లో చెప్పమని ముందే రాయండి. అసలు కాగితాలు అడగకండి, కాపీలు చాలు. తప్పనిసరిగా అసలు తీసుకోవాల్సి వస్తే నంబర్ల వారీగా రసీదు ఇవ్వండి.

ఆ పత్రం లేనే లేదంటే?

ముందు "లేదు" అంటే ఏమిటో తెలుసుకోవాలి. మూడు అర్థాలున్నాయి: ఉండేది కానీ పోయింది; మాకు ఎప్పుడూ ఇవ్వలేదు; మాకు వర్తించదు. లిస్ట్‌లో మూడింటినీ వేర్వేరుగా రాసుకోవాలి, ఎవరు ఏ రోజు చెప్పారో కూడా.

పోయిన బిల్లుకు అమ్మినవారి దగ్గర డూప్లికేట్ దొరకవచ్చు. అసలే ఇవ్వకపోతే ఇప్పుడైనా ఇస్తారేమో అడగాలి. రెండూ కుదరకపోతే ఏం కొన్నారు, ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎలా చెల్లించారు అన్నవి క్లయింట్ రాసి సంతకం చేసి ఇవ్వవచ్చు. బ్యాంకులో చెల్లింపు కనిపిస్తే దానికి కొంత బలం ఉంటుంది. కానీ అది బిల్లుతో సమానం కాదు, ఆ ఖర్చును పన్ను అధికారులు ఒప్పుకోకపోవచ్చు. ఈ మాట క్లయింట్‌కు అప్పుడే, నంబర్‌తో సహా, రాతపూర్వకంగా చెప్పాలి.

ఎన్నిసార్లు గుర్తుచేయాలి?

రెండు మెయిళ్లకు జవాబు రాకపోతే మూడోది రాయకుండా ఫోన్ చేయండి. లిస్ట్ ఎదురుగా పెట్టుకుని నంబర్ల వారీగా అడగండి: "2 సంగతి ఏమైందండీ? 5కి వాళ్లతో మాట్లాడారా?" ఎక్కడ ఆగిందో అప్పుడు తెలుస్తుంది. చాలాసార్లు ఒక్క కాగితం దొరక్క మిగతావన్నీ కలిపి పంపుదామని ఆపేసి ఉంటారు. "ఉన్నవి ఇప్పుడే పంపండి, అది తర్వాత చూద్దాం" అంటే ఆ సాయంత్రమే నాలుగు వస్తాయి. ఇదే మాట మొదటి మెయిల్లోనే రాస్తే ఇంకా మంచిది.

ఫోన్ పెట్టేశాక మాట్లాడుకున్నది రెండు వరుసల్లో మెయిల్ చేయండి.

అన్నీ వచ్చాక లిస్ట్‌ను ఏం చేయాలి?

ప్రతి నంబర్ ఎదురుగా ఏం జరిగిందో ఉన్న చివరి లిస్ట్‌ను క్లయింట్‌కు ఒకసారి పంపి, పని ఫైల్లో పెట్టుకోండి. వచ్చే ఏడాది లిస్ట్‌కు ఇదే ఆధారం. లోన్ ఇంకా నడుస్తుంది కాబట్టి 3 మళ్లీ అడగాలి, 2 అక్కర్లేదు. పాలసీ ముగిసే తేదీ మన దగ్గరుంది కాబట్టి కొత్త పాలసీ ఎప్పుడు అడగాలో తెలుసు. వచ్చే ఏడాది నంబర్లు మళ్లీ 1 నుంచి మొదలుపెట్టవచ్చు, పైన ఏ సంవత్సరపు లిస్టో పెద్దగా రాస్తే చాలు.